డబ్బులివ్వని షార్ట్ ఫిల్మ్‌కి డీల్ మెమో ఎలా రాసుకోవాలి?

కృష్ణానగర్‌లో ఒక లైట్‌మన్‌ని పనికి పిలిస్తే ముందు మూడు మాటలు అడుగుతాడు: ఎన్నింటికి రావాలి, రోజు బేటా ఎంత, ప్యాకప్ ఎప్పుడు. అదే మీ స్నేహితుణ్ని మీ షార్ట్ ఫిల్మ్‌కి పిలవండి. ఏమీ అడగడు. "పర్లేదు బ్రో, చూద్దాంలే" అంటాడు. మొహమాటం. మూడో రోజు రాత్రి పదకొండయ్యాక, ఇంకా నాలుగు షాట్లు మిగిలి ఉండగా, ఆ మొహమాటం కోపంగా మారుతుంది. అప్పుడూ బయటికి చెప్పడు. మర్నాడు ఫోన్ ఎత్తడు, అంతే.

డీల్ మెమో అంటే ఎవరు ఏం చేస్తారో, వాళ్లకి ఏం దక్కుతుందో ముందే రాసుకునే చిన్న ఒప్పందం. అందుకే డబ్బిచ్చే వాళ్ల కన్నా ఊరికే చేసే వాళ్ల మెమోనే వివరంగా ఉండాలి. వాళ్లు అడగని ప్రశ్నలకు ఆ కాగితమే జవాబు చెప్పాలి. ఒక్కొక్కరికి ఒక్క పేజీ చాలు. ఎవరి దగ్గరైనా సామాను తీసుకుంటే దానికి ఇంకో పేజీ.

మాట్లాడుకోవడానికి ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ఇరవై నిమిషాల సినిమా, మూడు రోజుల షూటింగ్. రెండు రోజులు పద్మారావునగర్‌లో ఒక పాత ఇంట్లో, ఒక రోజు వికారాబాద్ దగ్గర అనంతగిరిలో. డైరెక్టరే సొంత డబ్బు పెడుతున్నాడు. సౌండ్ రికార్డిస్ట్, ఇద్దరు లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్, ఈ నలుగురికీ పేమెంట్ ఉంది. కెమెరామన్, ఇద్దరు అసిస్టెంట్ డైరెక్టర్లు, ఆర్ట్, మేకప్, ఎడిటర్, సంగీతం, ఈ ఏడుగురు ఉచితంగా చేస్తున్నారు. కెమెరా బాడీ డైరెక్టర్ ఆఫీసులో పనిచేసే ఒక కొలీగ్‌ది. లెన్సులు కెమెరామన్ సొంతం.

ముందు: ఒప్పందం ఎవరితో?

చాలా మెమోల్లో పైన బ్యానర్ పేరు ఉంటుంది, ఫలానా క్రియేషన్స్ అని. రిజిస్టర్ చేయని బ్యానర్‌కి చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. అది పోస్టర్ మీద పేరు మాత్రమే. కాబట్టి "నిర్మాత" అన్నచోట మనిషి పేరు, చిరునామా రాయండి, కింద కావాలంటే బ్యానర్ పేరు. ఇద్దరు స్నేహితులు కలిసి డబ్బు పెడుతుంటే ఇద్దరి పేర్లూ రాయండి. రేపు లెన్సు పగిలితే ఎవరిని అడగాలో తెలియాలి కదా.

దాని కింద మూడు లైన్లు: పని చేసే వ్యక్తి పేరు, ఏ పని, ఏ తేదీలు. "ఏ పని" అన్నచోట హోదా ఒక్కటే రాస్తే సరిపోదు. అసిస్టెంట్ డైరెక్టర్ అంటే ఒకడికి క్లాప్ కొట్టడం, ఇంకొకడికి లొకేషన్ వాళ్లతో మాట్లాడటం, డైరెక్టర్‌కేమో రెండూ కలిపి కాఫీలు తేవడం కూడా. "కంటిన్యుటీ, క్లాప్, సాయంత్రం కెమెరా రిపోర్టు" అని రాస్తే గొడవ ఉండదు. ఎడిటర్ విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎన్ని కట్‌లు చేసిస్తాడో రాయండి: ఒక రఫ్ కట్, రెండు సార్లు మార్పులు, ఒక ఫైనల్. ఉచితంగా చేసే ఎడిటర్ తొమ్మిదో వెర్షన్ దగ్గర మాయమైపోతే తప్పు అతనిది కాదు.

డబ్బు తీసుకునే ఆ నలుగురిలో ఎవరికైనా యూనియన్ కార్డు ఉంటే, వాళ్ల యూనియన్ రేటు, పని వేళలు ఈ పనికి వర్తిస్తాయేమో ముందే అడిగి తెలుసుకోండి. వర్తిస్తే మీ మెమో దానికి లోబడి ఉండాలి.

డబ్బు: ఎంత అన్నదే కాదు, ఎప్పుడు అన్నది కూడా

పేమెంట్ ఉన్నవాళ్లది తేలిక. సౌండ్ రికార్డిస్ట్‌కి రోజుకి 3,500 అనుకున్నారనుకోండి. మూడు రోజులకి 10,500. ఆ అంకెలో తన మైకులు, రికార్డర్ అద్దె కలిసి ఉందో లేదో రాయండి. సగం మొదటి రోజు ఉదయం, సగం చివరి రోజు ప్యాకప్ అప్పుడు. "షూటింగ్ అయ్యాక చూసుకుందాం" అన్న మాట రాయకండి. అది తేదీ కాదు. అనంతగిరిలో వర్షం పడి షూటింగ్ వాయిదా పడితే? ముందురోజు సాయంత్రం ఆరులోపు చెబితే ఏమీ ఉండదు, ఆ తర్వాత చెబితే సగం రోజు డబ్బు. ఇలా ఒక లైన్ చాలు.

ఉచితంగా చేసే వాళ్ల దగ్గర జాగ్రత్త పడాల్సినవి మూడు ఉన్నాయి.

మొదటిది, ఉచితం అంటే చేతి డబ్బు ఖర్చు పెట్టుకోవడం కాదు. సెట్‌కి వచ్చే అయిదుగురికి రోజుకి 300 కన్వేయన్స్ అని రాస్తే మూడు రోజులకి 4,500 అవుతుంది. బిల్లులు అడగకుండా, రోజూ పొద్దున్నే యూపీఐలో పంపేయండి. బిల్లు చూపిస్తే ఇస్తాం అంటే మొహమాటంతో సగం మంది అడగరు. ఆర్ట్ అమ్మాయి కొనే సామాను వేరు. దానికి ముందే అడ్వాన్స్ ఇచ్చి, లెక్క తీసుకోండి.

రెండోది, ఊరికే చేసేవాళ్లందరికీ ఒకే షరతులు. మెమోలోనే "ఉచితంగా పనిచేసే ఎవరికైనా వేరుగా పారితోషికం ఇస్తే, మిగతా అందరికీ అదే రేటు వర్తిస్తుంది" అని రాయండి. మేకప్ ఆవిడకి లోపాయికారీగా రెండు వేలు ఇచ్చారన్న మాట సెట్లో పాకడానికి ఒక టీ బ్రేక్ చాలు. ఆ లైన్ రాశాక అలా ఇచ్చే ఆలోచన మీకూ రాదు.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది: "సినిమాకి డబ్బులొస్తే ఇస్తాం." దీన్ని రాయకపోవడమే మంచిది. రాయాలనుకుంటే లెక్క కనిపించేలా రాయండి. "లాభంలో వాటా" అంటే ఎప్పటికీ రాని డబ్బు. ఎందుకంటే లాభం అనేది ఖర్చులు రాసే మనిషి చేతిలో ఉంటుంది. మన ఉదాహరణలో సినిమాకి 90,000 ఖర్చయి, ఒక ఫెస్టివల్‌లో 50,000 బహుమతి వచ్చిందనుకోండి. "ఖర్చులు పోను లాభంలో 40 శాతం" అని రాసుంటే ఏడుగురికీ సున్నా. "నిర్మాత ఖాతాలో పడిన ప్రతి రూపాయిలో 40 శాతం ఏడుగురికి సమానంగా, 30 రోజుల్లోపు" అని రాసుంటే 20,000 పంచాలి. ఒక్కొక్కరికి సుమారు 2,857. రెండూ చట్టబద్ధమైన షరతులే. ఏది ఇస్తున్నారో వాళ్లకి ముందే తెలిస్తే చాలు. బహుమతి డబ్బు మాట విడిగా రాయండి, అది ఆదాయం కిందికి వస్తుందా అని తర్వాత వాదించుకోకుండా. బెస్ట్ ఎడిటింగ్ లాంటి వ్యక్తిగత బహుమతి వస్తే అది ఆ వ్యక్తిదే.

గంటలు: గడియారం ఎక్కడ మొదలవుతుంది?

పన్నెండు గంటల కాల్షీట్ అని అందరూ రాస్తారు. ఆ పన్నెండు ఎప్పటి నుంచి అన్నది రాయరు. పద్మారావునగర్ ఇంటి దగ్గర ఇబ్బంది లేదు, లొకేషన్‌కి రమ్మన్న టైమ్ నుంచి లెక్క. ఉదయం 7 నుంచి సాయంత్రం 7. మధ్యలో గంట లంచ్, మొదలుపెట్టిన ఆరు గంటల్లోపు తప్పనిసరిగా. టిఫిన్ కాల్ టైమ్‌కే సిద్ధంగా ఉండాలి.

అనంతగిరి రోజు సంగతి వేరు. ఊరి బయట షూటింగ్ అంటే గడియారం బండి బయల్దేరినప్పుడే మొదలవ్వాలి, మళ్లీ దించినప్పుడే ఆగాలి. మెహిదీపట్నంలో ఉదయం 5 గంటలకి బండెక్కితే, సామానుతో కలిపి వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు వేసుకోండి. పన్నెండు గంటలు సాయంత్రం 5కి ముగుస్తాయి. అంటే కొండ మీద 3 గంటలకి ప్యాకప్. ఏడు నుంచి మూడు దాకా ఎనిమిది గంటలు, లంచ్ తీసేస్తే చేతిలో ఉన్నది ఏడే. ఇప్పుడు డైరెక్టర్ తన షాట్ లిస్ట్ చూసుకోవాలి. అందులో సూర్యాస్తమయం ఉంటే, ఈ కాల్ టైమ్‌తో అది పడదు. పది గంటలకి బయల్దేరి రాత్రి పదికి చేరేలా మార్చాలి, లేదా ఆ రాత్రి అక్కడే గదులు తీసుకోవాలి. మెమో రాస్తూ ఉండగానే ఇలా షెడ్యూల్‌లో తప్పులు బయటపడతాయి. నాకైతే ఈ కాగితం వల్ల పెద్ద లాభం ఇదే అనిపిస్తుంది.

ప్యాకప్‌కీ మర్నాటి కాల్ టైమ్‌కీ మధ్య పది గంటల విశ్రాంతి పెట్టండి. రాత్రి 9కి వదిలితే ఉదయం 7కి ముందు పిలవకూడదు.

ఇక ఓవర్‌టైమ్. డబ్బిచ్చే వాళ్లకి గంటకింత అని రాస్తే సరిపోతుంది. ఉచితంగా చేసేవాళ్లకి ఇవ్వగలిగింది డబ్బు కాదు, వెళ్లిపోయే హక్కు. నేనైతే ఇలా రాస్తాను:

> "పన్నెండు గంటలు పూర్తయ్యాక ఎవరైనా కారణం చెప్పకుండా వెళ్లవచ్చు. దాని వల్ల టైటిల్స్‌లో పేరు, హోదా మారవు. అందరూ ఒప్పుకుంటే ఒక్క గంట మాత్రమే పొడిగించవచ్చు. ఒప్పుకున్నారా అని అడగాల్సింది డైరెక్టర్ కాదు, మొదటి అసిస్టెంట్ డైరెక్టర్."

ఆ చివరి వాక్యం కావాలనే పెట్టింది. డైరెక్టర్ ఎదురుగా నిలబడి "ఇంకో గంట ఉంటావా?" అంటే ఎవరు కాదంటారు?

ఇంటికి చేరే సంగతి కూడా గంటల కిందే రాయండి. ప్యాకప్ రాత్రి పది దాటితే అందరినీ ఇంటి దగ్గర దించడమో, క్యాబ్ డబ్బులివ్వడమో నిర్మాత బాధ్యత. మెట్రో ఆఖరి ట్రిప్పు అందుతుందని ఆశ పడొద్దు. వికారాబాద్ రోడ్డు మీద, పన్నెండు గంటలు నిలబడి పనిచేసిన మనిషి చేత బండి నడిపించొద్దు. ఆ రోజు డ్రైవర్‌కి ఇంకో పని అప్పజెప్పకూడదని మెమోలో రాయండి.

టైటిల్స్‌లో పేరు

ఊరికే చేసిన వాళ్లకి దక్కేది ఇదొక్కటే. అయినా చాలామంది దీన్ని "తగిన క్రెడిట్ ఇవ్వబడును" అన్న ఒక్క లైన్‌తో సరిపెడతారు. తగినది అంటే ఎంత?

పేరు ఎలా పడాలో ఆ వ్యక్తి చేతే, తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించుకోండి. Srinivas, Sreenivas, Srinivasa అని మూడు రకాలుగా రాసుకునే ఊరు మనది. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాల తర్వాత చుక్క ఉందా లేదా, అంతా వాళ్ల చేతి రాతే. ఎడిటర్ టైటిల్స్ చేసేటప్పుడు వాట్సాప్‌లో వెతక్కుండా ఈ కాగితం చూసి టైప్ చేస్తాడు.

తర్వాత హోదా. ఒకే హోదా ఇద్దరికి మాటివ్వడం మన దగ్గర మామూలే. "అసోసియేట్ డైరెక్టర్‌గా వేస్తా" అని ఇద్దరు అసిస్టెంట్లకీ విడివిడిగా చెప్పేస్తారు. అన్ని మెమోలూ ఒకేసారి రాస్తే ఆ తప్పు మీకే కనిపిస్తుంది. కెమెరామన్, ఎడిటర్, సంగీతం వాళ్లకి తెర మీద ఒక్క పేరే కనిపించే సింగిల్ కార్డు ఇస్తున్నారా, పోస్టర్ మీద ఎవరి పేర్లు, యూట్యూబ్ వివరాల్లో, ఫెస్టివల్ దరఖాస్తుల్లో ఎవరి పేర్లు, ఇవి రాయండి. నటుల ముందా, వెనకా అన్నంత లోతుకి వెళ్లక్కర్లేదు.

రెండు సందర్భాలు మాత్రం తప్పకుండా రాయాలి. ఒకటి, మధ్యలో మానేస్తే. మూడు రోజుల్లో రెండు రోజులు చేసి ఆపేసిన అసిస్టెంట్‌కి పేరు వేస్తారా? నా అభిప్రాయంలో సగం పైగా చేసినవాళ్లకి అదే హోదాతో వేయాలి, అంతకన్నా తక్కువైతే కృతజ్ఞతల్లో వేయాలి. ఇంకొకరు వచ్చి మిగతా పని చేస్తే ఇద్దరి పేర్లూ పడతాయి. రెండు, పేరు తప్పు పడితే. యూట్యూబ్‌లో ఎక్కించిన వీడియోని అదే లింకులో ఉంచి ఫైల్ మార్చడం కుదరదు. మళ్లీ ఎక్కిస్తే వ్యూస్ అన్నీ పోతాయి. అప్పుడు ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి "విడుదలకి ఏడు రోజుల ముందు టైటిల్స్ వీడియో అందరికీ పంపిస్తాం, మూడు రోజుల్లో తప్పులు చెప్పాలి" అని పెట్టండి. ఆ గడువులో చెప్పినా దిద్దకపోతే, ఖర్చు ఎంతైనా నిర్మాతదే.

పేరు దగ్గరే ఇంకో ముడి ఉంది: హక్కులు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకి రచయిత స్థానంలో ఉండేది నిర్మాత. కానీ అందులో వాడిన సంగీతం, స్క్రిప్టు వేరే కృతులు, వాటికి వేరే రచయితలు ఉంటారు. డబ్బిచ్చి చేయించుకున్న సంగీతం నిర్మాతదే అన్న వాదనకి ఎంతో కొంత ఆధారం ఉంటుంది. ఊరికే చేసిచ్చిన స్నేహితుడి ట్యూన్‌కి అది కూడా ఉండదు, అది అతనిదే. దాన్ని మీ సినిమాలో వాడుకోవాలంటే రాసిచ్చి సంతకం పెట్టిన కాగితం ఉండాలి. ఆ చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చేటప్పుడు ఎంత కాలానికో రాయకపోతే అయిదేళ్లే లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే. విదేశీ ఫెస్టివల్‌కి పంపుతూ ఈ రెండు మాటలు మర్చిపోయారంటే ఇబ్బందే. "ఈ సినిమాలో భాగంగా, ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం" అని రాయండి. ట్యూన్‌ని సినిమా బయట వాడుకునే హక్కు మాత్రం సంగీతం చేసినవాడికే వదిలేయండి. ఊరికే చేయించుకుని అది కూడా లాక్కోవడం న్యాయం కాదు.

ఇక్కడే ఒక చిన్న మొత్తం పెట్టండి. ప్రతిఫలం లేని ఒప్పందం, కొన్ని మినహాయింపులు తప్ప, 1872 కాంట్రాక్ట్ చట్టం 25వ సెక్షన్ కింద చెల్లదు. ప్రతిఫలం తక్కువగా ఉందన్న కారణంతో మాత్రమే ఒప్పందం చెల్లకుండా పోదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. కాబట్టి సంగీతానికి, స్క్రిప్టుకి 500 రూపాయలైనా యూపీఐలో పంపి, ఆ ట్రాన్సాక్షన్ నంబరు మెమోలో రాయండి. ఇది ఉచిత పనే, ఆ 500 పారితోషికం కాదు, హక్కుల కాగితానికి బలం కోసం. అందరికీ ఒకే రేటు అన్న లైన్ దీనికి వర్తించదని కూడా రాయండి.

అరువు తెచ్చిన కెమెరా

దీనికి వేరే పేజీ పెట్టాలి. ఎందుకంటే సెట్‌కి రాని మనిషి కూడా ఇందులో ఉన్నాడు. కెమెరా బాడీ ఇచ్చిన కొలీగ్‌కి సినిమా పిచ్చి లేదు, మంచితనంతో ఇచ్చాడు.

వాడుకోవడానికి ఇచ్చిన వస్తువు గురించి కాంట్రాక్ట్ చట్టం చెప్పేది చాలామంది అనుకునే దానికి వేరుగా ఉంటుంది. తీసుకున్నవాడు, మామూలు తెలివి ఉన్న మనిషి తన సొంత వస్తువుని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలి. అంత జాగ్రత్త తీసుకున్నా వస్తువు పాడైతే, వేరే ఒప్పందం లేనప్పుడు అతను బాధ్యుడు కాడు. 151, 152 సెక్షన్లు ఇవి. అంటే మీరు జాగ్రత్తగానే ఉన్నారు, ఎవరో వైర్ తట్టుకుని ట్రైపాడ్ పడింది, కెమెరా పోయింది. కాగితం లేకపోతే కొలీగ్‌కి చట్టప్రకారం దక్కేది ఏమీ లేకపోవచ్చు. స్నేహం అయితే తప్పకుండా పోతుంది. అందుకే "జాగ్రత్త తీసుకున్నా సరే, మా దగ్గరున్నప్పుడు జరిగిన నష్టం మాదే" అని ప్రత్యేకంగా రాసివ్వండి. ఊరికే ఇచ్చినవాడికి ఆ మాత్రం రాసివ్వడం కనీస మర్యాద.

ఎంత ఇవ్వాలో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి, పగిలాక కాదు. రిపేరయ్యేదైతే సర్వీస్ సెంటర్ బిల్లు మొత్తం. పోయినా, రిపేరు కాకపోయినా, ఇద్దరూ ఒప్పుకున్న విలువ. మూడేళ్ల కెమెరాకి కొత్త దాని ధర రాయాలా, సెకండ్ హ్యాండ్ ధర రాయాలా? పాతది కొనుక్కోవడం ఇష్టం లేదని అతను అంటే కొత్త ధరే రాయండి. మీరు అంత ఇచ్చుకోలేకపోతే ఆ కెమెరా తీసుకోకండి. అద్దెకి తెచ్చుకోవడం చవక.

జాబితా ఇలా ఉంటే చాలు:

> కెమెరా బాడీ, సీరియల్ నంబరు, విలువ రూ. 1,40,000. ఎడమ వైపు మూల గీత ఉంది. స్క్రీన్ బాగుంది.
> బ్యాటరీలు 3 (ఒకటి ఉబ్బింది, వాడకూడదు), చార్జర్ 1.
> మెమరీ కార్డులు 2, ఖాళీవి.
> తీసుకున్నది: షూటింగ్ ముందురోజు సాయంత్రం. ఇచ్చేది: షూటింగ్ ముగిసిన మర్నాడు మధ్యాహ్నం 12 లోపు.

ఆ "ఎడమ వైపు గీత" కోసమే ఇద్దరూ కలిసి నిలబడి ఒక వీడియో తీసుకోవాలి. సీరియల్ నంబరు కనిపించాలి, కెమెరా ఆన్ చేసి స్క్రీన్ చూపించాలి, లెన్సు మౌంట్ లోపలికి టార్చి వేసి సెన్సర్ చూపించాలి. తెల్ల గోడ మీదికి తిప్పి, ఎపర్చర్ రంధ్రాన్ని బాగా చిన్నది చేసి ఒక ఫోటో తీస్తే సెన్సర్ మీదున్న దుమ్ము మచ్చలు కనిపిస్తాయి. తిరిగిచ్చేటప్పుడూ అదే ఫోటో తీయండి. కొత్త మచ్చలుంటే క్లీనింగ్ ఖర్చు మీది. ఈ ఒక్క ఫోటో లేకపోతే అనంతగిరి దుమ్ము ఎవరిదన్న వాదన తెగదు.

ఎవరు వాడొచ్చో పేరు రాయండి: కెమెరామన్, అతని అసిస్టెంట్ మాత్రమే. చెప్పిన పనికి కాకుండా, చెప్పిన షరతులు దాటి వాడితే, జాగ్రత్తగా వాడినా నష్టానికి తీసుకున్నవాడే బాధ్యుడు. మధ్యలో ఒక సాయంత్రం ఎవరి పెళ్లి సంగీత్‌కో పట్టుకెళ్లడం కుదరదన్నమాట. రాత్రి ఎక్కడ ఉంటుందో కూడా రాయండి. కారు డిక్కీలో కాదు, తాళం వేసిన గదిలో. మీ తప్పు వల్ల చెప్పిన టైమ్‌కి తిరిగివ్వకపోతే ఆ క్షణం నుంచి జరిగిన నష్టం మీదే, ఆ నష్టం మీ అజాగ్రత్త వల్ల కాకపోయినా. అందుకే పన్నెండు లోపు అని రాసి, పదకొండుకే ఇచ్చేయండి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఊరికే ఇచ్చినవాడు, గడువు రాసినా సరే, మధ్యలోనే వెనక్కి అడగొచ్చు. అతని మాట నమ్మి మీరు ముందుకెళ్లాక అలా అడిగి, మీకు కలిగిన నష్టం ఆ అరువు వల్ల పొందిన లాభం కన్నా ఎక్కువైతే, ఆ తేడా అతను భరించాలని 159వ సెక్షన్ చెబుతుంది. కానీ ఊరికే ఇచ్చిన మనిషి మీద ఆ సెక్షన్ ఎవరు తీస్తారు? "అత్యవసరమైతే 24 గంటల ముందు చెబుతాను" అన్న లైన్ పెట్టించుకోండి, అద్దె కెమెరా దొరికే షాపు నంబరు దగ్గర ఉంచుకోండి.

కెమెరామన్ లెన్సుల సంగతి వేరు. అవి అతని చేతిలోనే ఉంటాయి, మీ ఆధీనంలోకి రావు. అతని చేతి నుంచే జారిపోతే ఎవరి నష్టం? లైట్ స్టాండ్ వచ్చి వాటి మీద పడితే? నేను రెండూ నిర్మాత మీదే వేస్తాను, ఒక పరిమితితో: సొంత చేతి పొరపాటైతే రిపేరు బిల్లులో సగం, ఇతరుల వల్లయితే మొత్తం. మీరు వేరేలా పంచుకోవచ్చు, కానీ రెండు సందర్భాలనీ విడిగా రాయండి.

ఆఖరుగా, ఫుటేజ్. కార్డు కొలీగ్‌ది, అందులో ఉన్నది సినిమాది. "రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి కాపీ అయి, తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయాలి, ఏ గొడవ వచ్చినా సామాను కోసం ఫుటేజ్‌ని గానీ, ఫుటేజ్ కోసం సామానుని గానీ ఆపకూడదు." ఈ వాక్యం కెమెరా పేజీలో, ఎడిటర్ మెమోలో, సౌండ్ రికార్డిస్ట్ మెమోలో మూడు చోట్లా ఉండాలి.

సంతకాలు

షూటింగ్‌కి వారం ముందే మెమో పీడీఎఫ్ ఒక్కొక్కరికి విడిగా పంపండి, గ్రూప్‌లో కాదు. గ్రూప్‌లో ఎవరూ ప్రశ్న అడగరు. రెండు రోజులు టైమ్ ఇచ్చి ఫోన్ చేయండి, గంటల దగ్గరా టైటిల్స్ దగ్గరా ఆగి "ఇది నీకు ఓకేనా?" అని అడగండి. అప్పుడు వచ్చిన మార్పులన్నీ దిద్ది, రెండు కాపీలు ప్రింట్ తీసి, ఇద్దరూ సంతకం చేసి చెరొకటి ఉంచుకోవాలి. మొదటి రోజు సెట్లో, టిఫిన్ ప్లేటు చేతిలో ఉండగా సంతకాలు తీసుకోవద్దు. అప్పుడు ఎవరూ చదవరు. వాట్సాప్‌లో "ఓకే" అన్నది కూడా సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ హక్కులు రాసిచ్చే సంగీతం, స్క్రిప్టు మెమోలకి, కెమెరా పేజీకి మాత్రం పెన్నుతో పెట్టిన సంతకమే తీసుకోండి. ఆ మూడింటినీ 100 రూపాయల స్టాంపు పేపరు మీద ప్రింట్ తీయడం మంచిది. విలువ పెద్దదైతే ఒకసారి లాయర్‌కి చూపించండి.

టీమ్‌లో పద్దెనిమిది నిండని విద్యార్థి ఎవరైనా ఉంటే అతని సంతకం చెల్లదు, తల్లిదండ్రుల చేత చేయించాలి. కెమెరా తిరిగిచ్చిన రోజు, అదే పేజీ కింద "అన్నీ అందాయి, పరిస్థితి సరిగా ఉంది" అని కొలీగ్ చేత రాయించి, తేదీ, టైమ్ వేయించుకోండి. సినిమా ఫెస్టివల్స్‌లో తిరిగినంత కాలం ఆ ఫైలు దాచి ఉంచండి. సంగీతం హక్కుల కాగితం చూపించమని చాలాసార్లు అడిగేది ఫెస్టివల్ వాళ్లే.